రౌటర్ మారాక జాబితాలో కనబడని కెమెరా

ప్రశ్న: "ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాక మా షాపు కెమెరా ఐపీ అడ్రస్ ఏదో తెలియడం లేదు. రౌటర్ జాబితాలోనూ లేదు, ఫోన్‌లో స్కాన్ చేసినా రావడం లేదు. ఎలా పట్టుకోవాలి?"

నరసరావుపేటలో మా బావగారి ఎరువుల దుకాణంలో ఇదే జరిగింది. కెమెరా బిగించిన మనిషి ఫోన్‌లోనే "అది పోయింది సార్, కొత్తది వేయాలి" అని తేల్చేశాడు. కానీ కెమెరా కేబుల్ వచ్చి చేరిన రౌటర్ పోర్టు దగ్గర ఆకుపచ్చ దీపం మినుకుమంటూనే ఉంది. ఆ దీపం వెలుగుతున్నంతవరకు కెమెరా చావలేదనే నేను నమ్ముతాను.

రౌటర్ చూపించే జాబితాలో సాధారణంగా అది స్వయంగా అడ్రస్ ఇచ్చిన పరికరాలే ఉంటాయి. బిగించేవాళ్లలో చాలామంది కెమెరాలోనే స్థిరమైన అడ్రస్ రాసి, ఆ సంగతి యజమానికి చెప్పకుండా వెళ్లిపోతారు. బిల్లు మీద ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బావగారి పాత రౌటర్ ఇచ్చే అడ్రస్‌ల వరుస 192.168.1తో మొదలయ్యేది కాగా, కొత్త దానిది 192.168.29తో మొదలవుతుంది. ఫోన్ స్కానర్ తానున్న వరుసనే వెతుకుతుంది కనుక, పాత వరుసలో ఉండిపోయిన కెమెరా దానికి దొరకదు.

అందుచేత ల్యాప్‌టాప్‌నే పాత వరుసలోకి తీసుకువెళ్లాలి. ఈ మార్పుతో ఇంటర్నెట్ ఆగిపోతుంది కాబట్టి నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతికే nmap అనే సాధనాన్ని ముందే దించుకుని, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అడ్రస్‌ను 192.168.1.50గా, మాస్క్‌ను 255.255.255.0గా చేత్తో ఇచ్చి, ఈ ఆదేశం నడిపాను:

```
nmap -p 80,554 --open 192.168.1.0/24
```

కెమెరాలు వీడియో పంపడానికి సాధారణంగా వాడేది 554 పోర్టు కనుక, అది తెరిచి ఉన్న అడ్రస్‌ను ముందుగా అనుమానించాలి. మాకు 192.168.1.64 దొరికింది, అది హిక్‌విజన్ కెమెరాలకు మొదట ఉండే అడ్రసే. దాహువా వాటికైతే సాధారణంగా 192.168.1.108 ఉంటుంది. హిక్‌విజన్ వారి SADP అనే ఉచిత సాధనం వేరే వరుసలో ఉన్న కెమెరాను కూడా చూపిస్తుంది కాబట్టి, ఆ కంపెనీ కెమెరా అని తెలిస్తే నేరుగా దానితోనే మొదలుపెట్టవచ్చు.

బ్రౌజర్‌లో ఆ అడ్రస్ తెరిచి, పాస్‌వర్డ్ ఇచ్చి, నెట్‌వర్క్ పేజీలో, రౌటర్ నుంచే అడ్రస్ తీసుకునే DHCP పద్ధతిని ఎంచుకున్నాక, ల్యాప్‌టాప్‌ను కూడా తిరిగి ఆటోమేటిక్‌కు మార్చాను. కెమెరా రౌటర్ జాబితాలోకి వచ్చింది. జాబితాలోని మ్యాక్ అడ్రస్‌ను కెమెరా స్టిక్కర్ మీదున్న దానితో సరిపోల్చుకుని, రౌటర్‌లోనే దానికొక అడ్రస్ కేటాయించాను. స్థిరమైన అడ్రస్ ఉండవలసిన చోటు రౌటరే తప్ప కెమెరా కాదని నా గట్టి అభిప్రాయం.

మీది వైఫై కెమెరా అయితే మాత్రం ఇదంతా వృథా. పాత వైఫై పేరు కోసం చూస్తున్న కెమెరా అసలు నెట్‌వర్క్‌లోనే ఉండదు, ఏ స్కానూ దాన్ని చూపలేదు. కొత్త రౌటర్‌కు పాత వైఫై పేరునూ పాస్‌వర్డ్‌నూ అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. చాలా కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి కనుక ఆ బ్యాండ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.