షిన్‌చాన్‌కి ఆరో ఏడు ఎందుకు రాదంటే

"మా పాప షిన్‌చాన్ చూస్తుంటే అనుమానం వచ్చింది. నేను స్కూల్లో ఉన్నప్పుడూ వాడికి ఐదేళ్లే, ఇప్పుడూ ఐదేళ్లే. ఇన్నేళ్లు నడిచే కార్టూన్లలో పిల్లలు ఎందుకు పెరగరు? తీసేవాళ్లు మర్చిపోతారా?"

మర్చిపోవడం కాదండీ. పెంచితే ఎంత గోల అవుతుందో వాళ్లకు బాగా తెలుసు, అందుకే ఆ జోలికి పోరు. బాల్యం శాశ్వతం, అమాయకత్వానికి వయసు లేదు అని పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. వాళ్లలో ఒక్కరైనా ఒక బొమ్మని ఒక్క ఏడాది పెంచి చూస్తే ఆ మాట మళ్లీ అనరు.

మాది తిరుపతి. హైదరాబాద్‌లో ఒక కార్టూన్ స్టూడియోలో రిగ్గింగ్, అంటే బొమ్మలు కదలడానికి కీళ్లు అమర్చే పని చేసి, ఇప్పుడు కొర్లగుంటలో ఇంట్లో కూర్చుని అదే పని చేస్తున్నాను. (పెళ్లిళ్లలో కనబడిన ప్రతి పెద్దాయనా "ఏం నాయనా, ఇంకా ఆ బొమ్మలేనా?" అంటాడు. అదే పెద్దాయన మనవడు అన్నం తినకపోతే ఫోన్లో పెట్టేది మేం చేసిన బొమ్మనే. అది వేరే కథ.)

ఆ స్టూడియోలో ఉన్నప్పుడు మూడో తరగతి చదివే ఒక పిల్లోడి సీరియల్ చేసేవాళ్లం. చాలా ఎపిసోడ్లు అయిపోయాయి, బాగానే నడుస్తోంది. ఒకరోజు ఛానల్ తరఫున వచ్చినాయన, చూసే పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు కదా, కొత్త సీజన్‌లో వీణ్ణి ఆరో తరగతికి తీసుకుపోదాం, కొంచెం పొడుగు చేయండి చాలు అన్నాడు. "కొంచెం పొడుగు" అన్న మాటకి మా గదిలో అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

ఇట్లాంటి టూడీ సీరియల్‌లో పిల్లోణ్ణి ప్రతి ఫ్రేములో కొత్తగా గీయరు. వాడు ముక్కలు ముక్కలుగా ఉంటాడు. తల, జుట్టు, కనుబొమ్మలు, కళ్లు, నోరు, మొండెం, భుజం నుంచి మోచేయి దాకా ఒక ముక్క, మోచేయి నుంచి మణికట్టు దాకా ఒక ముక్క, అరచేయి ఒక ముక్క, కాళ్లూ అంతే. ఇవన్నీ ముందు నుంచి ఒకసారి, వాలుగా ఒకసారి, పక్క నుంచి, వెనక నుంచి గీసి పెట్టుకుంటారు. నోరు ఒక్కటే బోలెడు రకాలు. ప, బ, మ అన్నప్పుడు పెదాలు మూసినది, ఆ అన్నప్పుడు తెరిచినది, ఊ అన్నప్పుడు గుండ్రంగా ముందుకొచ్చినది, ఇట్లా. ముక్కకీ ముక్కకీ మధ్య కీలు ఉంటుంది, దాన్ని పివట్ అంటాం. ఇదంతా కలిపితే రిగ్. దాని మీద నడక, పరుగు, నవ్వు, ఏడుపు, తిండి అన్నీ ఒకసారి చేసి దాచుకుంటాం, ప్రతి ఎపిసోడ్‌లో తీసి వాడుకుంటాం. నెలనెలా ఎపిసోడ్లు ఇవ్వగలుగుతున్నామంటే ఆ దాచుకున్నదాని పుణ్యమే.

ఇప్పుడు వీణ్ణి పొడుగు చేయాలి. మొత్తం బొమ్మని సాగదీస్తే వాడు ఆరో తరగతి పిల్లోడు కాడు, పెద్ద సైజు మూడో తరగతి పిల్లోడవుతాడు, అంతే. కార్టూన్‌లో వయసు కనబడేది ఎత్తులో కాదు, తలకీ ఒంటికీ ఉన్న లెక్కలో. మా వాడు మూడు తలల ఎత్తు, అంటే వాడి తలని ఒకదాని మీద ఒకటి మూడుసార్లు పెడితే వాడి ఎత్తు వస్తుంది. పెద్దవాడిలా కనబడాలంటే నాలుగు తలలు కావాలి. తల చిన్నదవ్వాలి, కళ్లు కొంచెం తగ్గాలి, ముక్కు కింద ముఖం సాగాలి, మెడ కనబడాలి, చేతులూ కాళ్లూ పొడుగవ్వాలి. అంటే ఏ ముక్కా పాతది పనికిరాదు, కీళ్లన్నీ జరుగుతాయి.

టైం లేదని మా లీడ్ పాత నడక, పాత తిండి యాక్షన్లనే కొత్త ఒంటికి తగిలించి ఒక టెస్ట్ చేయించాడు. ఆ టెస్ట్ చూసినప్పుడు నవ్వాపుకోలేకపోయాం. పాత యాక్షన్‌లో మోచేయి ఎంత వంగాలో అంతే వంగింది, కానీ చెయ్యి పొడుగైంది, నోరు కిందికి జరిగింది. వాడు ప్లేట్లోంచి ఇడ్లీ ముక్క తీసుకుని బుద్ధిగా తన కంట్లో పెట్టుకున్నాడు. నోరేమో కింద చక్కగా నములుతోంది. నడిపిస్తే అడుగు నేల మీద ఆనకుండా వెనక్కి జారుతోంది, ఎందుకంటే కాలు పొడుగైంది గానీ అడుగుకి పాత దూరమే ఉంది. స్నేహితుడి భుజం మీద వేయాల్సిన చెయ్యి ఆ స్నేహితుడి తల పైన గాలిలో ఆగింది. తలుపు గడియ అందుకోవడానికి వాడు ఎగిరే జోకు ఒకటి ప్రతి రెండో ఎపిసోడ్‌లో ఉండేది, ఇప్పుడు ఆ గడియ వాడి ఛాతీ దగ్గరుంది.

అంతటితో అయిపోలేదు. వాడొక్కడు పెరిగితే స్నేహితులు ఎందుకు పెరగలేదని అడుగుతారు, కాబట్టి వాళ్లందర్నీ పెంచాలి. పాకే చెల్లెలు నడవాలి, నడిస్తే పాకడం మీద ఉన్న జోకులన్నీ పోతాయి. నాయనమ్మ సంగతేంటి అని ఎవరో అడిగితే గదిలో ఎవరూ మాట్లాడలేదు. కుక్క సంగతి నేనే అడిగాను.

చివరికి ఆ ఆలోచన ఆగింది మాత్రం మా ఖర్చు వల్ల కాదు. ఛానల్‌లో షెడ్యూల్ వేసే ఆవిడ ఒక్క ప్రశ్న అడిగింది. పొద్దున పది గంటలకు కొత్త సీజన్, పదిన్నరకు పాత సీజన్ వేస్తే పదిన్నరకి వీడు మళ్లీ చిన్నోడైపోతాడా అని. అదీ అసలు కారణం. పిల్లల ఛానళ్లు ఎపిసోడ్లను వరుసలో వేయవు. పదేళ్ల కిందటిదీ నిన్నటిదీ పక్కపక్కనే వస్తాయి, ఏది ముందు చూసినా అర్థం కావాలి. అందుకే ప్రతి ఎపిసోడ్ చివర అంతా మొదటికొచ్చేస్తుంది. విరిగిన కిటికీ అతుక్కుంటుంది, పరీక్ష తప్పినవాడు అదే క్లాసులో అదే బెంచీ మీద ఉంటాడు. వయసు పెరిగితే ఎపిసోడ్లకి వరుస పుడుతుంది, వరుస పుడితే ఛానల్ వాడు ఇష్టమొచ్చినట్టు తిప్పి తిప్పి వేయలేడు. ఆ తిప్పి వేయడంలోనే వాళ్లకి డబ్బు. మా అన్న కూతురు "చిన్నాయనా, ఇది నిన్ననే వేసినారు కదా" అంటూనే మళ్లీ కళ్లార్పకుండా చూస్తుంది, ఇంక వాళ్లకేం టెన్షన్?

మీరు "తీసేవాళ్లు మర్చిపోతారా" అన్నారు కదా, షిన్‌చాన్‌నే తీసుకోండి. జపాన్‌లో అది టీవీలో మొదలైంది 1992లో. 1996లో వాడికి చెల్లెలు హిమావారి పుట్టింది. అంటే కథలో కాలం కదిలింది, అమ్మ కడుపుతో ఉంది, బిడ్డని కంది. అయినా వాడికి ఐదేళ్లే, ఆ బిడ్డ ఇప్పటికీ చంటిబిడ్డే. ఇంట్లో కొత్త అల్లరి కావాల్సి వచ్చినప్పుడు గడియారాన్ని ఒక్కసారి తిప్పి మళ్లీ ఆపేశారు. మర్చిపోయినవాళ్లు ఇంత జాగ్రత్తగా చేయరు.

డోరేమాన్ దగ్గర ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆ బొమ్మల కథ 1970 జనవరి సంచికలతో ఆరు పత్రికల్లో ఒకేసారి మొదలైంది. అవన్నీ ఒకే ప్రచురణ సంస్థవి, బడికి పోని చిన్నపిల్లలకు, ఒకటో తరగతికి, రెండో తరగతికి, ఇట్లా నాలుగో తరగతి దాకా వయసును బట్టి విడివిడిగా వచ్చే పత్రికలు. రాసినాయన ఏ వయసు వాళ్లకి తగ్గ కథ వాళ్లకి వేరేగా గీసేవాడు. అక్కడ బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఏప్రిల్ వచ్చిందంటే చదివే పిల్లోడు పై తరగతి పత్రికకి పోతాడు, వాడి చోటుకి కింది నుంచి కొత్తవాడొస్తాడు. ఇంక నోబితాని పెంచాల్సిన పనేముంది? పెంచితే కొత్తగా వచ్చినవాడికి తన ఈడువాడు దొరకడు.

అయితే పిల్లల వయసు ఆపేస్తే ఆ భారం ఇంకెక్కడో పడుతుంది. ఎక్కడో తెలుసా, అమ్మానాన్నల గతం మీద. అమెరికావాళ్ల సింప్సన్స్ సీరియల్ 1989 డిసెంబర్‌లో మొదలైంది, అందులో బార్ట్ అనే పిల్లోడికి పదేళ్లు. 1991లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో వాడి అమ్మానాన్నలు 1974లో హైస్కూల్లో కలుసుకున్నారని చూపించారు, లెక్క సరిగ్గానే ఉంది. పిల్లోడు పదేళ్ల దగ్గరే ఉండిపోయాడు, బయట కాలం ఆగదు కదా. 2008కి వచ్చేసరికి 1974లో హైస్కూల్లో ఉన్నవాళ్లకి యాభై దాటుండాలి. అందుకని ఆ ఏడాది ఇంకో ఎపిసోడ్ తీసి, అదే జంట పెళ్లికి ముందు రోజుల్ని 1990లలోకి జరిపేశారు. పాత అభిమానులు గట్టిగానే తిట్టుకున్నారు. నన్నడిగితే తిట్టడం అన్యాయం, వాళ్లకి వేరే దారి లేదు.

గొంతు విషయం కూడా ఇందులోనే వస్తుంది. బార్ట్‌కి మొదటి నుంచీ గొంతిస్తున్నది నాన్సీ కార్ట్‌రైట్ అనే ఆవిడ. షిన్‌చాన్‌కి జపాన్‌లో 1992 నుంచి 2018 దాకా చెప్పింది కూడా ఆడమనిషే. నిజం పిల్లోడితో చెప్పిస్తే కొన్నేళ్లకే గొంతు మారుతుంది. అమెరికాలోనే చార్లీ బ్రౌన్ అనే పిల్లోడి కార్టూన్ బొమ్మలకి 1965 నుంచి నిజం పిల్లల చేతే చెప్పించారు, పాపం ఆ గొంతులు మారినప్పుడల్లా కొత్త పిల్లల్ని వెతుక్కోవాల్సి వచ్చింది.

పెరిగే కార్టూన్లు లేవా అంటే ఉన్నాయి. జపాన్‌వాళ్ల కార్టూన్‌లో నరుటో అనే పిల్లోడు పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు, వాడి కొడుకు పేరు మీద 2017లో ఇంకో సీరియల్ కూడా వచ్చింది. అది మొదటి నుంచి వరుసలో చూడాల్సిన కథ కాబట్టి కుదిరింది. మీ పాపకి అట్లాంటిది చూపించాలంటే కొంచెం పెద్దయ్యాక వరుసగా పెట్టుకుని చూపించండి, టీవీలో వచ్చినప్పుడు చూద్దాం అనుకోకండి. మొన్న మా ఇంట్లో ఒక ఛానల్ వాడు రెండు భాగాల కథలో రెండో భాగం ముందు వేశాడు, మొదటిది మర్నాడు వేశాడు, మా అన్న కూతురు ఇంకా నన్నే అడుగుతోంది ఆ రాక్షసుడు చచ్చాక మళ్లీ ఎట్లా వచ్చాడని.