ఫ్యాక్టరీలో మంటలు, ఇంట్లో తాకట్టు

"మాది ప్రొద్దుటూరు, బట్టల దుకాణం. ఆరు నెలల కిందట ఇంట్లోవాళ్ల నగలు తాకట్టు పెట్టి, నూటికి రూపాయి వడ్డీకి 4 లక్షలు తెచ్చి ఒకే చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. మొన్న శుక్రవారం రాత్రి వాళ్ల ఫ్యాక్టరీ కాలిపోయి పని ఆగింది. సోమవారం షేరు లోయర్ సర్క్యూట్, అంటే ఒక్కరోజులో పడగలిగినంతా పడి కొనేవాళ్లు లేక ఆగిపోయింది. కంపెనీ మంగళవారం సాయంత్రం నోరు విప్పింది. నష్టం 3 కోట్లేనట, 800 కోట్ల టర్నోవర్‌కు అదెంత అంటున్నారు. ఇంకో 2 లక్షలు తెచ్చి, తగ్గిన ధరకు మరికొన్ని కొని యావరేజ్ చేయనా?"

వద్దు. ఒక్క రూపాయి కూడా తేవద్దు.

కంపెనీ మాట తప్పు. ఇలాంటి సంఘటన స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పాల్సినంత పెద్దదా కాదా అని తేల్చడానికి, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2023 నుంచి లెక్క పెట్టింది. టర్నోవర్‌లో 2 శాతం, ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలే నెట్‌వర్త్‌లో 2 శాతం, గత మూడేళ్ల లాభనష్టాల సగటులో 5 శాతం. ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే హద్దు. మీరు పంపిన వార్షిక నివేదిక ప్రకారం మొదటిది 16 కోట్లు. నెట్‌వర్త్ 300 కోట్లు కాబట్టి రెండోది 6 కోట్లు. మూడేళ్లలో 20 కోట్ల లాభం, 10 కోట్ల నష్టం, 30 కోట్ల లాభం. ఇక్కడే చాలామంది పొరబడతారు. నష్టాన్ని తీసేయకూడదు, దాన్నీ లాభంలాగే కలపాలి. సగటు 20 కోట్లు, అందులో 5 శాతం కోటి. అంటే 3 కోట్ల నష్టం హద్దుకు మూడింతలు. బోర్డు తన పాలసీలో ఈ హద్దును పెంచుకోవడానికి వీల్లేదు. పైగా అంకె హద్దులోపే ఉన్నా, బయటపడితే షేరు బాగా కదిలేదైతే చెప్పాల్సిందే.

అగ్నిప్రమాదానికి గడువు 24 గంటలు. శనివారం రాత్రికే ఎక్స్ఛేంజీకి చేరాలి. ఆలస్యమైతే కారణం కూడా రాయాలి. ఎక్స్ఛేంజీ సైట్‌లో ఆ ప్రకటన పక్కన సమయం ఉంటుంది, చూడండి. కారణం లేకపోతే సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టండి.

కానీ ఫిర్యాదుతో మీ డబ్బు తిరిగి రాదు. శనివారమే చెప్పి ఉన్నా సోమవారం అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు ఉండేవారు కాదు. నిబంధన జరిగినదాన్ని త్వరగా చెప్పిస్తుంది, మంటల్ని ఆపదు. షేరు పడినా ఎదురుచూడగలిగేది చేతిలో వేరే డబ్బున్నవాడే. మీకు నెలకు 4,000 వడ్డీ నడుస్తోంది, ఇప్పటికే 24,000 అయింది. దుకాణంలో బేరం లేక వడ్డీ కట్టలేకపోతే నగలు వేలానికి వెళ్లొచ్చు. అప్పు తెచ్చి ఒకే షేరు కొనడం నాకు కోపం తెప్పించే పని, దాచకుండా చెబుతున్నాను.

సర్క్యూట్ తెరుచుకుని కొనేవాళ్లు రాగానే అమ్మి, వచ్చినంత తాకట్టుకు కట్టండి. మిగిలిన బాకీని దుకాణం ఆదాయంలోంచి నెలనెలా తీర్చండి. ఆ తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు, దుకాణం అద్దె కలిపి బ్యాంకు డిపాజిట్‌లో పెట్టండి. టర్మ్ పాలసీ లేకపోతే తీసుకోండి. అది పూర్తయ్యేదాకా షేర్ల ఖాతా తెరవకండి.