లైవ్‌లో నడిచిన ఒక్క మోడల్‌కే నా మార్కులు

ప్రశ్న: బెంగళూరులో మా టీమ్‌కి ఎంఎల్ ఇంజనీర్ కావాలి. రెజ్యూమెలు వడకట్టే పని నాకిచ్చారు. డిప్లాయ్ చేసిన మోడళ్లు, ప్రాజెక్టులు, పేపర్లు... జేడీతో పోల్చేటప్పుడు దేనికి ఎంత విలువ ఇవ్వాలి?

నేను తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నాను, మారతహళ్లి దగ్గర. రెండేళ్ల కిందట సరిగ్గా ఇదే పని నా నెత్తిన పడింది. అప్పుడు మా ముందు మిగిలిన రెండు రెజ్యూమెల గురించి చెబుతాను.

ముందు మా జేడీ. ఆన్‌లైన్ చెల్లింపుల్లో మోసాలను పట్టే మోడల్‌ని తయారుచేసి, 100 మిల్లీసెకన్లలోపు స్కోరు వచ్చేలా లైవ్‌లో నడపాలి, పేపర్లు ఉంటే మంచిది అని రాశాం. ఇందులో అసలు మాట 'నడపాలి'. జేడీ చేతికి రాగానే ఇలాంటి క్రియల కింద గీత పెట్టుకోండి. ఈ రోజుల్లో జేడీ అంటే డేటా ఇంజనీర్, పరిశోధకుడు, బ్యాకెండ్ డెవలపర్ ముగ్గుర్నీ ఒక్క మనిషిలో అడగడం అయిపోయింది. అలాంటిది మీకిస్తే, మొదటి ఆరు నెలల్లో ఆ వచ్చినవాళ్లు చేసే పని ఏమిటో మేనేజర్‌ని కూర్చోబెట్టి అడగండి. అది తేలకుండా ఏ రెజ్యూమె మంచిదో చెప్పలేం.

మొదటి రెజ్యూమె మూడు పేజీలు. పదకొండు ప్రాజెక్టులు, రెండు అంతర్జాతీయ జర్నల్ పేపర్లు. జేడీలోని పదాలన్నీ అందులో ఉన్నాయి కాబట్టి రిక్రూటర్ దాన్నే పైన పెట్టింది. అందులో మా పనికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టు క్రెడిట్ కార్డు మోసాలది, 99.2 శాతం అక్యురసీ అని బోల్డ్‌లో ఉంది. డేటా కాగిల్‌లో అందరూ వాడేదే. 2013 సెప్టెంబరులో రెండు రోజుల యూరప్ కార్డు లావాదేవీలు: మొత్తం 2,84,807, వాటిలో మోసాలు 492. అంటే ఏ మోడలూ లేకుండా 'అన్నీ మంచివే' అనేసినా 99.8 శాతం అక్యురసీ వస్తుంది. అప్పుడు జరిగే తప్పులు 492. 99.2 శాతం అంటే అదే లెక్కన దాదాపు 2,300 తప్పులు. మోసాల్లో ఎన్నింటిని పట్టింది, పట్టిన వాటిలో నిజంగా మోసాలెన్ని అనే రెండు అంకెలూ ఎక్కడా లేవు. పైగా 'ఫీచర్లు నేనే తయారుచేశాను' అని రాశాడు. ఆ డేటాలో లావాదేవీ సమయం, డబ్బు ఎంత అన్నవి తప్ప మిగతా ఫీచర్లన్నీ గోప్యత కోసం ముందే మార్చేసి V1 నుంచి V28 అని పేర్లు పెట్టిన కాలమ్స్. వాటి అసలు అర్థం బయటివాళ్లకెవరికీ తెలియదు. ప్రాజెక్టు లోతు చూడాలంటే నేను వెతికేది ఇదే: డేటా ఎలాంటిదో రాసిన మనిషికి తెలుసా లేదా. పదకొండు ప్రాజెక్టుల్లో ఒక్కదానిలోనైనా అది కనిపించాలి, ఇందులో కనిపించలేదు.

రెండో రెజ్యూమె ఒక్క పేజీ, ఒక అమ్మాయిది. పేపర్లు లేవు. ప్రాజెక్టు దాదాపు ఒక్కటే: చెల్లింపు మోసాల మోడల్, 14 నెలలు లైవ్, నూటికి 99 రిక్వెస్టులకు 40 మిల్లీసెకన్లలోపు జవాబు, రెండుసార్లు రోల్‌బ్యాక్. ఆ చివరి మాట చూసి మా టీమ్‌లోని విజయవాడ అన్న 'ఫెయిలైన మోడల్ కదరా ఇది' అని పక్కన పెట్టేయబోయాడు. నేను ఒప్పుకోలేదు. వెనక్కి తీశామని రాశారంటే అది నిజంగా ముందుకు వెళ్లిందన్నమాట. డెమో పేజీ ఒకటి పెట్టి డిప్లాయ్ చేశామనేవాళ్లకు రోల్‌బ్యాక్ అవసరమే రాదు.

ఇద్దరికీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను. మీ మోడల్ సరిగ్గా పనిచేస్తోందని మీకు ఎన్ని రోజులకు తెలిసేది?

మొదటి అబ్బాయి తడుముకోకుండా 'రోజూ డ్యాష్‌బోర్డులో అక్యురసీ చూసేవాళ్లం సార్' అన్నాడు. అది కుదరదు. కార్డు పోగొట్టుకున్న మనిషి స్టేట్‌మెంట్ చూసుకుని, బ్యాంకుకు ఫిర్యాదు చేసి, అది తేలేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ రోజు లావాదేవీ మోసమా కాదా అన్న నిజం ఈ రోజు ఎవరి దగ్గరా ఉండదు.

ఆ అమ్మాయి వెంటనే 'పూర్తిగా తెలియడానికి రెండు నెలలు పట్టేదండీ. అందుకే ఈలోగా ఎక్కువ స్కోర్లు ఎన్ని, తక్కువ స్కోర్లు ఎన్ని వస్తున్నాయో రోజూ చూసేవాళ్లం' అంది. మొదటి రోల్‌బ్యాక్ కథ కూడా అప్పుడే చెప్పింది. 'ఈ కార్డు మీద ఈ రోజు ఎన్ని లావాదేవీలు' అనేది వాళ్ల ముఖ్యమైన ఫీచర్. ట్రైనింగ్‌కి దాన్ని పాత టేబుల్ నుంచి రోజు మొత్తానికి లెక్కకట్టారు. దొంగిలించిన కార్డుని ఒకే రోజు ఏడుసార్లు గీకితే, ట్రైనింగ్‌లో మొదటి లావాదేవీ పక్కన కూడా 7 అనే ఉంది. లైవ్‌లో ఆ క్షణానికి ఉండేది 0. మోడల్ భవిష్యత్తు చూసి నేర్చుకుంది కాబట్టి టెస్టులో అద్భుతంగా కనిపించి, లైవ్‌లో మొదటి దెబ్బల్ని వదిలేసింది. ఎక్కువ స్కోర్లు వచ్చే లావాదేవీలు అనుకున్నదాంట్లో సగానికి పడిపోయేసరికి అనుమానం వచ్చి మోడల్‌ని వెనక్కి తీశారు. ఆ తర్వాత ఏ కొత్త మోడల్ వచ్చినా మూడు వారాలు షాడోలో పెట్టారట. అంటే అది స్కోరు ఇస్తుంది కానీ ఏ లావాదేవీనీ ఆపదు. ఆ మూడు వారాలూ లైవ్‌లో వచ్చిన ఫీచర్ విలువల్ని లాగ్ చేసి ట్రైనింగ్ టేబుల్‌తో పోల్చేవాళ్లు. ఇది పుస్తకం చదివి చెప్పగలిగే కథ కాదు.

ఒక జాగ్రత్త. అంకెలు లేవని రెజ్యూమెని తీసి పారేయకండి. చాలా కంపెనీలు అంకెలు బయట రాయనివ్వవు. సర్వీస్ కంపెనీల్లో మోడల్ ఒక టీమ్‌ది, లైవ్ పెట్టేది ఇంకో టీమ్. ఫోన్ చేసి పై ప్రశ్న అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక పేపర్లు. ఆ అబ్బాయివి రెండూ తెరిచి చూశాను. జర్నల్ పేపర్ల మొదటి పేజీలో సాధారణంగా అందిన తేదీ, అంగీకరించిన తేదీ ఉంటాయి. ఒకదానికి మధ్యలో ఆరు రోజులే. అంత తొందరగా ఎవరూ శ్రద్ధగా సమీక్షించరు. డబ్బు కడితే అచ్చువేసే జర్నళ్లలో పిల్లల చేత ఇలా రాయిస్తున్న కాలేజీల మీద నాకు చాలా కోపం, ఎందుకంటే చివరికి నష్టపోయేది పిల్లలే. మన రంగంలో గట్టి పేపర్లు ఎక్కువగా న్యూరిప్స్, ఐసీఎంఎల్ లాంటి సదస్సుల్లో వస్తాయి. అక్కడ కూడా ప్రధాన సదస్సు వేరు, దాంతో పాటు జరిగే వర్క్‌షాప్ వేరు, రెజ్యూమెలో రెండింటికీ ఒకే పేరు రాస్తారు. పేపర్లు పెట్టుకునే arXiv సైట్‌లో ఉన్నదంటే పెట్టారని మాత్రమే అర్థం, సమీక్ష అయిందని కాదు. మొదటి రచయిత ఎవరో కూడా చూడండి. అయితే మా జేడీలాంటి దానికి నిజంగా మంచి పేపర్ ఉన్నా, ఇద్దరు సమానంగా తూగినప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకుంటాను. మీది పరిశోధన ఉద్యోగమైతే మాత్రం పేపర్‌తోనే మొదలుపెట్టండి.

ఆ అమ్మాయినే తీసుకున్నాం. చేరిన రెండో రోజు నా డెస్క్ దగ్గరికి వచ్చి, 'అన్నా, లైవ్ ఫీచర్ లాగ్స్ ఎక్కడ పెడుతున్నారు?' అని అడిగింది. మేం అసలు పెట్టడం లేదు. ఆ వారమే మొదలుపెట్టాం.