నచ్చిన వీడియోని షాట్ల వారీగా విప్పి చూడడం

ప్రశ్న: నాకు బాగా నచ్చిన ఒక వీడియోని షాట్ షాట్‌గా రాసుకున్నాను. అదే లెక్కలో నాది ఎడిట్ చేస్తే హడావిడిగా, అతుకులేసినట్టు ఉంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: పొందూరు ఖద్దరు మీద వీడియో తీసినప్పుడు నేనూ ఇదే చేశాను. నేను విప్పింది ఒక కుమ్మరి మీద వచ్చిన మూడు నిమిషాల వీడియో. యూట్యూబ్‌లో పాజ్ చేసి `.` నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు కదులుతుంది. అలా చూస్తూ షాట్ ఎక్కడ మారిందో, ఎన్ని సెకన్లుందో నోట్‌బుక్‌లో రాశాను. మొత్తం 40 షాట్లు, సగటున నాలుగున్నర సెకన్లు.

ఆ సగటే నన్ను ముంచింది. నా వీడియోలో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వే షాట్లని కూడా నాలుగున్నర సెకన్లకి కోసేశాను. నూలు వడికే అప్పకి చూపిస్తే, "అదేటి, పత్తి ఇంకా విడనేదు, అప్పుడే మార్చేసావు?" అంది. అసలు లోపం ఆ మాటలోనే ఉంది. సారె మీద కుండ అంచు రెండు సెకన్లలో లేస్తుంది. పత్తి దువ్వడం అంత తొందరగా తెమిలే పని కాదు.

అందుకే నోట్‌బుక్‌లో ఇంకో గడి గీసి, ప్రతి షాట్ పక్కన "ఎందుకు మారింది?" అని రాశాను. చాలా చోట్ల చేతి పని ఒక దశ పూర్తయ్యాకే మారింది. కొన్ని చోట్ల తర్వాతి షాట్ శబ్దం ముందే వినిపించి, బొమ్మ ఆ వెనకాల వచ్చింది. కళ్లు మూసుకుని వింటే తప్ప ఈ రెండోది నాకు దొరకలేదు.

సెకన్లు వదిలేసి వరస మాత్రం తీసుకున్నాను. కుమ్మరి వీడియోలో మొదటి 20 సెకన్లలోనే 9 షాట్లున్నాయి, అన్నీ చేతులే, అదేం పనో చెప్పలేదు. నేనూ ఎముక పళ్ల క్లోజప్‌తో మొదలుపెట్టి, అది చేప దవడ అని తర్వాత చెప్పాను. కుమ్మరి వీడియోలో 1:50 దగ్గర, అంటే మూడు వంతుల్లో రెండు వంతులు కాకముందే, 22 సెకన్ల షాట్ ఒకటి కదలకుండా నిలుస్తుంది. నాది నాలుగు నిమిషాల పైమాట, కాబట్టి 2:30 దగ్గర అప్ప ఏకు నుంచి పోగు లాగే షాట్‌ని అలా నిలబెట్టాను. మిగతా షాట్లు ఏడేసి సెకన్ల దాకా సాగాయి, అయినా ఎవరికీ నెమ్మదిగా అనిపించలేదు.

ఒక ఇబ్బంది మాత్రం తప్పలేదు. దువ్వడం పూర్తయ్యేదాకా నేను తీయనే లేదు, మధ్యలోనే కెమెరా ఆపేశాను. దానికోసం పొందూరు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. మీ ఫుటేజీలో కూడా పని చివరి క్షణం ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఎడిటింగ్‌లో దాన్ని పుట్టించలేం.