కాలిన చోట పసుపు రాస్తే డాక్టరుకు గాయం కనిపించదు

*“వేడి సాంబారు పడి చెయ్యి కాలింది. పసుపు ముద్ద పెడితే చాలంటున్నారు మా అత్తగారు. ఆ మరక పోతుందా? ఆసుపత్రికి వెళ్లాలా?”*

మరక గురించి టెన్షన్ పడకండి. పైచర్మం రాలేకొద్దీ అదే పోతుంది. అసలు నష్టం అది ఉన్నన్నాళ్లూ గాయం రంగును కప్పేయడం.

మా అక్క కొడుకు చిన్నప్పుడు గంజి గిన్నె లాగితే ముంజేయి మీద ఒలికింది. ఇంట్లో పెద్దవాళ్లు పసుపు నీళ్లతో కలిపి దట్టంగా పట్టించారు. నేను వెళ్లేసరికి అది ఎండి పెచ్చు కట్టింది. డాక్టరుకు ముందు కావాల్సింది చర్మం రంగు. ఎర్రగా ఉండి, నొక్కితే తెల్లబడి వెంటనే మళ్లీ ఎరుపెక్కితే గాయం పైపైనే ఉన్నట్టు. పాలిపోయి, మైనంలా ఉండి, ముట్టుకున్నా నొప్పి తెలియకపోతే లోతుగా కాలినట్టు. వీడి చెయ్యంతా ఒకటే పసుపు. సెలైన్‌తో తడిపి తడిపి తుడుస్తుంటే బొబ్బల మీది చర్మం కూడా ముద్దతో పాటు ఊడొచ్చింది. వాడి ఏడుపుకి నర్సు కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అంతా పోయాక మణికట్టు దగ్గర తెల్లటి మచ్చ బయటపడింది. లోతుగా కాలింది అక్కడే.

పసుపు క్రిముల్ని చంపుతుందంటారు. మాది దుగ్గిరాల వైపు, పసుపు ఎలా తయారవుతుందో చూస్తూ పెరిగాను. దుంపలు ఉడకబెట్టాక కళ్లంలో రోజుల తరబడి ఎండబెడతారు. దాని మీద దుమ్ము పడుతుంది, కుక్కలు తిరుగుతాయి. మట్టిలో ధనుర్వాతం క్రిముల బీజాలు ఉంటాయి. కూరలో వేస్తే మనకేం కాదు, తెరిచిన గాయంలో వేయడం వేరు. పైగా బజారు పొడిలో మెటానిల్ ఎల్లో లాంటి రంగులు కలిపే దుర్మార్గులూ ఉన్నారు. ఈ మాట చెబితే సంప్రదాయాన్ని తిడుతున్నానంటారు, నాకు ఒళ్లు మండుతుంది.

కాలగానే గాజులు, ఉంగరాలు తీసేసి కుళాయి నీళ్ల ధార కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. మూడు గంటల్లోపు ఎప్పుడు మొదలుపెట్టినా లాభమే. ఐస్ వద్దు, టూత్‌పేస్టూ వద్దు. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. మీ అరచేయి కంటే పెద్దగా కాలినా, ముఖం, వేళ్లు, కీళ్ల మీద కాలినా, తెల్లబడినా ఇవాళే వెళ్లండి. చిన్న గాయమే అయినా రెండో రోజుకి నొప్పి తగ్గాల్సింది పోయి సలుపు, చుట్టూ ఎరుపు, చీము, జ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్ సోకినట్టే. పైన పసుపు పెచ్చు ఉంటే అది లోపలే దాక్కుంటుంది.

కత్తితో తెగినప్పుడూ అంతే. గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కినా రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకున్నా కుట్లు పడాలి. టీటీ వేయించుకుని ఎన్నాళ్లయిందో కూడా చెప్పండి.

ఇప్పటికే పసుపు పెట్టేసి ఉంటే గీకకండి. నీళ్ల కింద పట్టండి, పోయినంత పోతుంది. మిగతాది ఆసుపత్రిలో తీస్తారు. వెళ్లగానే పసుపు రాశామని చెప్పండి.