సమా: సీఆర్‌ఆర్ లెక్కలో 1,000 రూపాయల తేడా ఎందుకు?

> "డిపాజిట్ 1,000, సీఆర్‌ఆర్ 10%. బ్యాంకులు సృష్టించే రుణం 10,000 అని పెట్టాను. కీలో 9,000 ఉంది. సీఆర్‌ఆర్ 5%కి తగ్గితే ఎంత? రెపో రేటు తగ్గినా ఇదే లెక్కా?"

కీ సరైనదే. సీఆర్‌ఆర్ అంటే డిపాజిట్లలో బ్యాంకులు తప్పనిసరిగా ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన నగదు వాటా. 1,000ని 0.10తో భాగిస్తే వచ్చే 10,000 మొత్తం డిపాజిట్లు. అందులో మొదటి 1,000 జనం తెచ్చి వేసింది, బ్యాంకు పుట్టించింది కాదు. మొదటి బ్యాంకు 100 పక్కనపెట్టి 900 అప్పిస్తుంది. అది ఇంకో బ్యాంకులో డిపాజిట్ అయితే అక్కడ 90 ఆగి 810 అప్పుగా వెళ్తుంది. ఇలా చివరిదాకా కలిపితే రుణాలు 9,000. కాబట్టి ప్రశ్నలో "మొత్తం డిపాజిట్లు" అన్నాడా, "రుణం" అన్నాడా అని ముందు చూడండి.

5% అయితే డిపాజిట్లు 20,000, రుణం 19,000. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. జనం నగదు చేతిలో ఉంచుకున్నా, బ్యాంకులు అప్పివ్వకపోయినా అంత రాదు.

రెపోకి ఈ సూత్రం వాడకండి. ఆర్‌బీఐ దగ్గర బ్యాంకులు తెచ్చుకునే అప్పుకి వడ్డీ అది. తగ్గితే రుణాలు చవకై గిరాకీ పెరగొచ్చు, డిపాజిట్ ఎన్ని రెట్లవుతుందో చెప్పే గుణకం మాత్రం మారదు.

2020 మార్చిలో ఆర్‌బీఐ రెండూ తగ్గించింది: సీఆర్‌ఆర్ 4 నుంచి 3%కి, రెపో 5.15 నుంచి 4.40%కి. సీఆర్‌ఆర్ కోతతో సుమారు 1.37 లక్షల కోట్లు విడుదలయ్యాయి. అయినా బ్యాంకులు మిగులు సొమ్మును రివర్స్ రెపోలో తిరిగి ఆర్‌బీఐ దగ్గరే పెడుతుంటే, ఏప్రిల్‌లో దానికి ఇచ్చే వడ్డీ రేటును 3.75%కి దించాల్సి వచ్చింది.