పాత పటం కొనేముందు సంతకం మీదే భూతద్దం పెట్టు

రవీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. జమీందారు గారి నూనెరంగుల పటం బాగానే ఉంది, కానీ 1890ల నాటిదని అమ్మేవాడు అన్నంత మాత్రాన బయానా ఇచ్చెయ్యకు. మళ్లీ వెళ్లి ముందు దాన్ని వెనక్కి తిప్పించు.

కాన్వాస్ బిగించిన చెక్క చట్రం చూడు. నూరేళ్లు గోడకున్న గుడ్డ వెనకవైపు అంతా ఒకే రంగులో ఉండదు. చెక్క కింద దాగిన పట్టీ కాస్త తేటగా ఉండి, గాలి తగిలిన మధ్యభాగం నల్లబడుతుంది. అంతా సమానంగా గోధుమరంగులో ఉంటే ఎవరో టీ డికాక్షనో ఏదో పూసి ఉంటారని అనుమానించు. మేకులకు బదులు స్టేపుల్ పిన్నులుంటే గుడ్డని ఈమధ్య కాలంలో మళ్లీ బిగించారన్నమాట, అయితే అంతమాత్రాన బొమ్మ కొత్తదని కాదు. గుడ్డ అంచుల్లో పాత మేకుల రంధ్రాలు, తుప్పు మరకలు ఉండి, వాటికి ఎదురుగా చెక్కలో రంధ్రాలు లేకపోతే చట్రం మార్చారని అర్థం.

ఇక పగుళ్లు. వయసుతో వచ్చినవి సన్నగా, పదునైన అంచులతో ఉండి, రంగునే కాక కింది పూతని కూడా చీలుస్తాయి. చట్రం లోపలి అంచు వెంబడి గీత గీసినట్టు, మూలల్లో ఏటవాలుగా కనిపిస్తాయి. వెడల్పుగా, అంచులు గుండ్రంగా ఉండేవి రంగు సరిగా ఆరక వచ్చినవి, అవి కొన్నేళ్లకే రావచ్చు కాబట్టి వయసుకి సాక్ష్యం కావు. పగుళ్లు తెప్పించడం కూడా పెద్ద కష్టమేం కాదు: వాన్ మేగెరెన్ అనే డచ్చి మోసగాడు 1930ల్లో బొమ్మని ఓవెన్‌లో కాల్చి, గుండ్రటి రోలర్ మీద చుట్టి తెప్పించాడు.

అసలు పరీక్ష సంతకం దగ్గర. పదిరెట్ల భూతద్దం పెట్టి, పగులు అక్షరాన్ని దాటే చోట చూడు. పగులు అక్షరపు గీతని రెండు ముక్కలు చేసిందంటే పగుళ్లు రాకముందే సంతకం ఉంది. అలా కాక సంతకం రంగు పగులులోకి జారి దాన్ని నింపిందంటే, పగిలాకే ఎవరో పేరు రాశారన్నమాట. బొమ్మ పాతదే కావచ్చు, పేరు మాత్రం అరువు తెచ్చుకున్నది. ముఖం మీద కూడా పగుళ్లు నడిచి నడిచి ఒకచోట టక్కున ఆగిపోతే, అక్కడ పైన రంగు వేశారు.

తర్వాత గది చీకటి చేయించి 365 నానోమీటర్ల యూవీ టార్చి వెయ్యి (బజార్లో చవకగా దొరికే 395 దానితో ఊదా వెలుగే ఎక్కువ కనిపిస్తుంది, దండగ). చెట్టు జిగురుతో చేసిన పాత వార్నిష్ ఆకుపచ్చగా మసక వెలుగిస్తుంది, దాని మీద తర్వాత వేసిన రంగు నల్లటి మచ్చల్లా తేలుతుంది. ఆ రంగు మీద మళ్లీ వార్నిష్ కొట్టి ఉంటే మాత్రం టార్చికి దొరకకపోవచ్చు, అప్పుడు పగుళ్లనే నమ్ముకోవాలి. చిరుగు చోట చిన్న మచ్చ ఉంటే అది మరమ్మతే, పట్టించుకోనక్కర్లేదు. కళ్లూ ముక్కూ అంతా నల్లగా కనిపిస్తే అడిగిన ధరలో సగం కూడా ఇవ్వకు.

అమ్మేవాడు దూదికి స్పిరిట్ అద్ది “తుడిచి చూపిస్తా సార్” అంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపు. వార్నిష్‌తో పాటు అసలు రంగు కూడా లేచి వచ్చెయ్యొచ్చు. నాలుగు మూలలూ, వెనకవైపూ, సంతకమూ దగ్గరగా ఫోటోలు తీసి పంపు, సంతకాన్ని పక్కనుంచి లైటు పడేలా తియ్యి.

మీ పెదనాన్న